బడి గోడ మీద నాలుగు పంక్తులు రాయాలంటే

మీ ఊరి ప్రాథమిక పాఠశాల గోడ మీద చదవడం గురించి పెద్ద అక్షరాలతో నాలుగు మాటలు రాయించమని మీకు అప్పజెప్పారనుకోండి. వెంటనే రంగుల కొట్టుకు వెళ్ళకండి. ముందు ఒకటో తరగతి వాచకం ఒకటి తెచ్చుకుని కూర్చోండి. గోడ పాడైతే మళ్ళీ గీకి రాసుకోవచ్చు. మాటలే పిల్లలు చదవలేనివైతే మాత్రం ఎంత మంచి రంగు వేసినా ఆ గోడ పెద్దల కోసం రాసినట్టే అవుతుంది. నేను కోనసీమలో కాలువ గట్టున ఉన్న ఒక చిన్న బడికి ఈ పని చేయించాను. అందులో చేసిన తప్పులతో సహా ఆ వరుసనే చెబుతాను.

మాటలు ఎంచుకోవడం

మా బడికి మొదట వచ్చిన సూచన "పఠనం జ్ఞానానికి సోపానం". పలకడానికి గంభీరంగానే ఉంది. కానీ ఒకటో తరగతి పిల్లవాడిని దాని ముందు నిలబెట్టండి. ఠ అనే అక్షరం వాడికి వర్ణమాల పట్టికలో తప్ప పెద్దగా కనబడదు. జ్ఞ దగ్గర పెద్దవాళ్ళకే నాలుక తడబడుతుంది. సోపానం అంటే మెట్టు అని ఎవరో ఒకరు చెప్పాలి. చదవమని చెప్పే మాటనే చదవలేకపోతే ఆ పిల్లవాడికి గోడ నేర్పేది తనకు చదవడం రాదన్న సంగతి ఒక్కటే.

రెండో ప్రయత్నం "పుస్తకం చదివితే ప్రపంచం తెలుస్తుంది". ఇది తేలిక తెలుగే, అర్థమూ తెలుస్తుంది. అయితే ఒత్తులు లెక్కపెట్టండి: పుస్తకంలో స్త, ప్రపంచంలో ప్ర, తెలుస్తుందిలో స్తు. నాలుగు మాటల్లో మూడు సంయుక్తాక్షరాలు. మన బడుల్లో ముందు ఒత్తులూ గుణింతాలూ లేని మాటలు నేర్పుతారు, తరువాత గుణింతాలు, ఆ తరువాత ద్విత్వాలు, చివరకు సంయుక్తాలు. అంటే ఈ వాక్యం చదవగలిగే నాటికి పిల్లవాడు రెండో తరగతిలోనో మూడో తరగతిలోనో ఉంటాడు. అప్పటిదాకా అది వాడికి బొమ్మే.

కాబట్టి నేను పెట్టుకున్న నియమం ఒకటే: గుణింతాలు వచ్చిన పిల్లలు ఎవరి సాయం లేకుండా చదువుకోవాలి, అంటే ఒక్క ఒత్తు కూడా ఉండకూడదు. ఇది చెప్పినంత సులువు కాదు. పుస్తకం పోయింది. అక్షరం పోయింది. కొబ్బరి చెట్టు కూడా పోయింది, కోనసీమలో ఉండి కొబ్బరి రాయలేకపోవడం నాకు కొంచెం బాధగానే అనిపించింది. మిగిలినవాటిని ఒక కాగితం మీద రాసుకున్నాను: బడి, కథ, పేజీ, మాట, పలక, పడవ, కాలువ, రేవు, గోదావరి. మీరూ ఇలాగే మీ ఊరి మాటల్లో ఒత్తులు లేనివాటిని ముందు పోగుచేసుకోండి. పంక్తులు వాటిలోంచే పుడతాయి.

రెండో సంగతి, ఆజ్ఞలు రాయకండి. "రోజూ చదవండి" అని రాస్తే పిల్లలు మొదటి రోజు చూస్తారు, రెండో రోజు నుంచి అది గోడలో కలిసిపోతుంది. ప్రశ్న రాస్తే పక్కవాడిని అడుగుతారు. చాలాసార్లు కొట్టివేసి, మార్చి, చివరకు మేము రాసినవి ఇవి:

పడవ ఎటు పోతుంది?
కాలువ ఎటు పోతే అటు.
కథ ఎటు పోతుంది?
పేజీ తిరగేసి చూడు.

ఇందులో ఒక్క ఒత్తు కూడా లేదు. "ఎటు పోతుంది" రెండుసార్లు వస్తుంది కనుక మొదటి పంక్తి కష్టపడి చదివిన పిల్లకు మూడో పంక్తిలో సగం ఉచితంగా వచ్చేస్తుంది. చదవడం కొత్తగా నేర్చుకునేవారికి ఇది చిన్న సాయం కాదు. "పేజీ తిప్పి చూడు" అనాలని ఒకరు పట్టుబట్టారు. నిజానికి మా నోళ్ళలో వచ్చేదీ అదే. తిప్పిలో ప్ప ఉందని వద్దన్నాను.

నాలుగు పంక్తులు దాటకండి. స్థలం మిగిలిందని ఐదోది చేర్చబోతారు, ఎవరో ఒకరు దాతల పేర్లు కూడా అడుగుతారు. దాతల పేర్లు ఆఫీసు గది గోడ మీద చిన్న అక్షరాల్లో రాయించండి.

గోడను చూడటం

డెల్టాలో గోడకు రంగు నిలవకపోవడానికి ముఖ్య కారణం కింది నుంచి ఎక్కే చెమ్మ. కాలువల పక్క నేల ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్ళతోనే ఉంటుంది. ఆ నీరు పునాది ఇటుకల్లోంచి పైకి పాకి గోడ పైన ఆరిపోతుంది, దానిలో కరిగి ఉన్న ఉప్పు మాత్రం తెల్లటి నూగులా పైన పేరుకుంటుంది. మీ గోడ అడుగున రెండు మూడు అడుగుల ఎత్తు వరకు రంగు పొక్కి, వేలితో రుద్దితే పిండిలా రాలుతోందంటే అదే. అంతర్వేది, ఓడలరేవు వంటి సముద్రం దగ్గరి ఊళ్ళలో గాలి నుంచి కూడా ఉప్పు వస్తుంది.

అందుకే ఈ పనికి ఏప్రిల్, మే నెలలు మంచివి. మరమ్మతుల కోసం డెల్టా కాలువలు కట్టేసే కాలం అది. నేలలో ఊట తగ్గుతుంది, ఎండ గట్టిగా ఉంటుంది, మే నెలంతా బడికి సెలవులు కూడా. నైరుతి వానలు మొదలయ్యేలోగా పని ముగిసిపోవాలి.

గోడ ఆరిందో లేదో కంటితో తెలియదు. అడుగున్నర చదరం పాలిథీన్ ముక్క ఒకటి తీసుకుని, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో గోడకు అతికించి ఒక రోజంతా వదిలేయండి. మరునాడు తీసి చూస్తే లోపలి వైపు నీటి బొట్లు పట్టాయంటే, లేదా ఆ చోట గోడ రంగు ముదిరిందంటే, లోపల ఇంకా చెమ్మ ఉన్నట్టే. మేము నేల నుంచి రెండు అడుగుల ఎత్తున ఒకటి, ఐదు అడుగుల ఎత్తున ఒకటి అతికించాము. కిందది తడిసింది, పైది పొడిగా ఉంది. అందుకే అక్షరాలన్నీ మూడు అడుగులకు పైనే ఉంచి, కింది భాగానికి మామూలు సున్నమే వేయించాము. చెమ్మ బయటకు పోయే దారి దానికి ఉండనిచ్చాము. అక్కడ ఆయిల్ పెయింటు పట్టిస్తే నీరు బయటకు రాలేక పొరను పొక్కులుగా లేపేస్తుంది, లేదా ఇంకా పైకి ఎక్కి మీ చివరి పంక్తి కిందకు చేరుతుంది.

వీలైతే వరండా లోపలి గోడనే ఎంచుకోండి. మధ్యాహ్న భోజనానికి పిల్లలు వరుసగా కూర్చునేది అక్కడే కనుక కళ్ళు వాటంతట అవే గోడ మీద పడతాయి. పడమటి ఎండ నేరుగా తగిలే బయటి గోడ మీద ఎరుపు రంగులు త్వరగా వెలిసిపోతాయి, వానజల్లు కొట్టే చోట పాచి పడుతుంది.

పాత గోడలకు ఏళ్ళ తరబడి వేసిన సున్నం పొరలు పొరలుగా ఉంటుంది. అరచేతితో రుద్దండి. చెయ్యి తెల్లబడితే ఆ పొర మీద వేసిన ఏ రంగైనా దానితోపాటే ఊడిపోతుంది. నీళ్ళు చల్లి, నానాక రేకుతో గట్టి పూత తగిలేదాకా గీకించండి. ఉప్పు నూగు ఉన్నచోట మాత్రం నీళ్ళు వద్దు, కరిగిన ఉప్పు మళ్ళీ గోడలోకే పోతుంది. అక్కడ పొడి బ్రష్షుతో రాల్చి ఊడ్చేయాలి. తరువాత పగుళ్ళు పూడ్చి, ఒక పూత ప్రైమరు, అది బాగా ఆరాక లేత మీగడ రంగు ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రెండు పూతలు. సున్నం వేసిన కింది భాగం కాక, దాని పైన పన్నెండు అడుగుల వెడల్పు, ఆరు అడుగుల ఎత్తు గోడకు మాకు ఒక లీటరు ప్రైమరు, లీటరున్నర ఎమల్షన్ సరిపోయాయి.

కొలతలు వేయడం

బోర్డులు రాసేవారి దగ్గర ఒక పాత లెక్క ఉంది: చూసే దూరం పది అడుగులకు అక్షరం ఎత్తు ఒక అంగుళం. అది చదవడం వచ్చిన పెద్దవాళ్ళకు, ఎక్కువగా ఆంగ్ల అక్షరాలకు పనికొచ్చే లెక్క. తెలుగు అక్షరంలో చిన్న సున్నాలు, చీలికలు, చుక్కలు ఉంటాయి. ఒక అక్షరాన్ని ఇంకో అక్షరం నుంచి వేరుచేసేవి అవే. పిల్లలకైతే నేను దాన్ని మూడింతలు చేస్తాను. మా వరండా ముందు ఆవరణ చివరి నుంచి గోడకు పాతిక అడుగులు. పది అడుగులకు మూడు అంగుళాల చొప్పున ఏడున్నర వచ్చింది, ఎనిమిది అంగుళాలు అనుకున్నాము.

ఎనిమిది అంగుళాలన్నది అక్షరం ఒంటి ఎత్తు మాత్రమే. దాని పైన గుడి, ఏత్వం, ఓత్వం నిలబడటానికి ఇంకో నాలుగు అంగుళాలు వదలాలి. ఒత్తులు ఉంటే కింద కూడా నాలుగు కావాలి. మా పంక్తుల్లో ఒత్తులు లేవు కనుక కింద రెండు అంగుళాలతో సరిపెట్టాము. అంటే ఒక పంక్తికి పద్నాలుగు అంగుళాలు, నాలుగింటికి యాభై ఆరు. మీ పంక్తుల్లో ఒత్తు ఉండీ ఇంత దగ్గరగా రాస్తే పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడిని గుద్దుకుంటుంది. ఊళ్ళలో కనిపించే గోడ రాతల్లో సగానికి ఇదే జబ్బు.

వెడల్పు తేల్చడానికి అక్షరాలు లెక్కపెట్టండి. గుణింతంతో కలిపి ఒక్కో అక్షరానికి సగటున పదకొండు అంగుళాలు, మాటకూ మాటకూ మధ్య పది అంగుళాలు. మా పొడవైన పంక్తి "కాలువ ఎటు పోతే అటు" తొమ్మిది అక్షరాలు, మూడు ఖాళీలు: తొంభై తొమ్మిదికి ముప్పై కలిపితే నూట ఇరవై తొమ్మిది అంగుళాలు. పన్నెండు అడుగులంటే నూట నలభై నాలుగు. రెండు పక్కలా అర అడుగుకు పైగా మిగిలింది. పట్టకపోతే అక్షరాలను నొక్కి సన్నబరచవద్దు, మాటల మధ్య ఖాళీనీ తగ్గించవద్దు. ఎక్కడ మాట ముగిసిందో ఆ ఖాళీని బట్టే పిల్లలకు తెలుస్తుంది. వాక్యాన్నే కుదించండి. మాటను రెండు పంక్తులకు విరవడం అసలు కూడదు.

చివరి పంక్తి మూడు అడుగుల ఎత్తు నుంచి మొదలైతే ఒకటో తరగతి పిల్లల చేతికి అందుతుంది. వేలు పెట్టి అక్షరం వెంట దిద్దుతారు. మాసిపోతుందని పైకి జరపమన్నవారూ ఉన్నారు, నేను ఒప్పుకోలేదు.

సుద్దతో గీయడం, చదివించడం

తాపీ మేస్త్రి దగ్గర నీళ్ళ గొట్టం అడిగి తెచ్చుకోండి. వరండా నేలను చూసి సమం అనుకోవద్దు, నీరు పోవడానికి దానికి వాలు ఉంటుంది. రెండు చివరలా నీటి మట్టం గుర్తుపెట్టి, సుద్ద పూసిన దారాన్ని బిగించి లాగి వదిలితే సూటి గీత పడుతుంది. ప్రతి పంక్తికీ మూడు గీతలు: అక్షరం అడుగు, అక్షరం తల, గుడి నిలిచే పై హద్దు.

అక్షరాలను నేరుగా గోడ మీద గీయగల పెయింటర్ దొరికితే మీ అదృష్టం. లేకపోతే దళసరి కాగితం మీద అసలు కొలతలో రాసి, గీత వెంట సూదితో దగ్గర దగ్గరగా బెజ్జాలు పొడిచి, కాగితాన్ని గోడకు అతికించి, పల్చటి గుడ్డలో కట్టిన బొగ్గుపొడి మూటతో దాని మీద మెల్లగా తట్టండి. కాగితం తీస్తే చుక్కల ముగ్గులా అక్షరం కనబడుతుంది. "ఎటు పోతుంది"కి ఒకే కాగితం రెండుసార్లు పనికొచ్చింది. అక్షరాల తీరు వాచకంలో ఉన్నట్టు గుండ్రంగా ఉండాలి. సినిమా పోస్టరు అక్షరాలు, నీడలు, వంకర పంక్తులు ఇక్కడ వద్దు.

ఇప్పుడు అసలు పరీక్ష. రంగు డబ్బా మూత తీయకముందే, మీ పంక్తులు ముందెప్పుడూ వినని ఇద్దరు ముగ్గురు పిల్లలను పిలిచి సుద్ద గీతల్నే చదవమనండి. మీరు ఏమీ అందించకండి. మా దగ్గర రెండో తరగతి పాప గోడ ముందు నిలబడి మొదటి మాటనే "వడవ" అంది.

"సరిగ్గా చూడమ్మా" అన్నాను.

"వ అనే ఉంది మాస్టారూ" అంది, కాస్త కోపంగా.

దగ్గరికి వెళ్ళి చూస్తే ఆ పాప చెప్పిందే నిజం. ప కు తలకట్టు ఒంటికి అంటకుండా విడిగా నిలబడాలి. వ కు అంటుకుని ఉంటుంది. మా కాగితం మీద ఆ సందు పావు అంగుళం ఉంది, బొగ్గుపొడి పడేసరికి అదీ పూడిపోయింది. పెద్దవాళ్ళం మేము పడవ అని ముందే తెలుసు కనుక పడవ అనే చదివాము. సందును ముప్పావు అంగుళానికి పెంచి మళ్ళీ గీశాము. ఘ, ప, ఫ, ష, స, హ అన్నిటికీ ఇలాగే తలకట్టు విడిగా ఉంటుంది. మీ పంక్తుల్లో ఇవి ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే గుర్తుపెట్టుకోండి. మా నాలుగు పంక్తుల్లోనే ప ఐదుసార్లు, స ఒకసారి వచ్చాయి.

ఇంకో రెండు చోట్ల జాగ్రత్త. కథలోని థ కు కడుపులో చుక్క ఉండాలి, అది చిన్నదైతే రంగులో మునిగిపోయి ధ అవుతుంది. జీ మీద గుడి దీర్ఘం మెలిక విప్పారి ఉండాలి, లేకపోతే జి అయి పేజీ కాస్తా పేజి అవుతుంది.

పెద్దవాళ్ళు తప్పులు వెతకాలంటే చివరి అక్షరం నుంచి వెనక్కి చదవాలి. డు, చూ, సి, గే, ర, తి అని. అర్థం అడ్డు రాదు కనుక కన్ను ఉన్నదాన్నే చూస్తుంది. అంతకుముందు ఇంకో చోట నేను రాయించిన గోడ మీద "చదవండి" కాస్తా "చదవడి" అయి, ఒక సున్నా లేకుండా నెల రోజులు నిలిచింది. అటుగా వెళ్ళిన ప్రతిసారీ నేను తల తిప్పుకునేవాణ్ణి.

రంగు వేయడం

అక్షరాలకు కూడా ఎక్స్‌టీరియర్ ఎమల్షనే వాడండి. ఎనామిల్ మెరుస్తుంది, పెయింటర్లకు ఇష్టం. కానీ వెలుతురు పక్క నుంచి పడినప్పుడు ఆ మెరుపులో సగం అక్షరం కనబడదు, పైగా చెమ్మ గోడ మీద అది పెచ్చులుగా లేస్తుంది. ఎనిమిది అంగుళాల అక్షరానికి గీత మందం ఒక అంగుళం బాగుంటుంది. అంగుళం వెడల్పు చదును కుంచె ఒకటి, సందులకూ చుక్కలకూ సన్నది ఒకటి సరిపోతాయి. కుంచెను రంగులో మూడో వంతుకు మించి ముంచవద్దు. ఎక్కువైతే కారి, మీరు కష్టపడి వదిలిన సందులోనే చేరుతుంది.

ప్రశ్నలకు ముదురు నీలం, జవాబులకు ముదురు గోధుమ వేయించాము. చూసేవారికి ముచ్చటగా ఉంటుందని ఒక్కో అక్షరానికి ఒక్కో రంగు వేస్తుంటారు. అలా చేస్తే పిల్లలకు పూసలు కనిపిస్తాయి కానీ మాట కనిపించదు. బొమ్మ ఒక్కటి చాలు, అక్షరాల వెనక కాకుండా పక్కన. మేము ఎడమ మూల చిన్న పడవ వేయించాము. దాని తెరచాప పంక్తుల్లోకి రాకుండా చూసుకోవడానికే పెయింటర్‌తో ఎక్కువ సేపు వాదించాల్సి వచ్చింది.

పై పంక్తి నుంచి కిందికి రండి. మొదటి పూత ఆరాక పది అడుగులు వెనక్కి వెళ్ళి, ఆపైన పాతిక అడుగులు వెళ్ళి, ప్రతి ప నూ వ నూ విడివిడిగా చూడండి. పూడిన సందుంటే మీగడ రంగుతో తెరిచి, అప్పుడు రెండో పూత వేయండి. రెండు రంగులూ అర్ధ లీటరు చొప్పున తెచ్చాము, సగం మిగిలాయి.

తరువాత

"పేజీ తిరగేసి చూడు" అని రాసిన చోట తిరగేయడానికి పేజీ లేకపోతే పిల్లలు నవ్వుతారు. చివరి పంక్తి కింద, నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తున, గోడకు అంటకుండా రెండు కొక్కేల మధ్య నైలాన్ తాడు కట్టి, పల్చటి కథల పుస్తకాలను నడిమికి తెరిచి వేలాడదీశాము. సాయంత్రం తీసి లోపల పెట్టాలి, లేకపోతే వరండా చెమ్మకు అట్టలు వంకర తిరుగుతాయి. ఆ పని మూడో తరగతి పిల్లలకు వంతులవారీగా అప్పగించారు.

మిగిలిన రంగులను గాజు సీసాల్లో నిండుగా పోసి, గట్టిగా మూత బిగించి, ఏ రంగు దేనికో చీటీ అతికించి బడి బీరువాలో పెట్టండి. తుపానుల కాలం దాటాక ఒకసారి ఆ సీసాలతో గోడ దగ్గరికి వెళ్ళండి. ముందుగా అరిగేది చివరి పంక్తిలోని "చూడు". పిల్లల వేళ్ళన్నీ దాని మీదే ఉంటాయి.